సదస్సు ఆహ్వాన పత్రికలో నా పేరు లేదు, సెలవు అర్జీకి ఏం జతచేయాలి?

సిక్కోలు_సిరి
అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లాలో ఎంఏ తెలుగు రెండో సంవత్సరం చదువుతున్నాను. ఫిబ్రవరి 12, 13 తేదీల్లో (గురు, శుక్రవారాలు) తిరుపతిలోని ఒక కళాశాలలో కథాసాహిత్యం మీద రెండు రోజుల జాతీయ సదస్సు ఉంది. కథానిలయంలో పాత పత్రికలు చూసి రాసుకున్న వ్యాసం సంగ్రహం పంపితే ఎంపిక చేశారు. ఇంటి దగ్గర ఒప్పుకున్నారు, డబ్బు కూడా సర్దుకున్నాను. ఇక మిగిలింది కాలేజీ అనుమతి.

మా హెచ్‌ఓడీ మేడమ్ "ఆహ్వాన లేఖ జతచేసి ప్రిన్సిపాల్ గారికి అర్జీ పెట్టు" అన్నారు. నా దగ్గర ఉన్నవి రెండే. ఒకటి "మీ పత్ర సంగ్రహం ఎంపికైంది, పూర్తి పత్రం జనవరి నెలాఖరులోగా పంపండి" అన్న రెండు లైన్ల మెయిల్. రెండోది రంగుల ఆహ్వాన పత్రిక, పీడీఎఫ్. అందులో ముఖ్య అతిథుల పేర్లున్నాయి గానీ పత్రం చదివేవాళ్ల పేర్లు లేవు.

11 మధ్యాహ్నం శ్రీకాకుళం రోడ్డులో రైలెక్కితే 12 ఉదయానికి తిరుపతి చేరతాను. 13 రాత్రి బయలుదేరి 14 మధ్యాహ్నానికి వచ్చేస్తాను. అంటే బుధవారం నుంచి శనివారం దాకా నాలుగు రోజులు. నేను రాసుకున్న అర్జీ ఇది:

"అయ్యా, నేను ఫిబ్రవరి 11 నుంచి 14 వరకు తిరుపతిలో సదస్సుకు వెళ్తున్నందున తరగతులకు హాజరు కాలేను. కావున నాలుగు రోజులు సెలవు మంజూరు చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను."

ఇది సరిపోతుందా? ఇంకో టెన్షన్ కూడా ఉంది. 13న ఒక పేపర్‌కి రెండో ఇంటర్నల్ పరీక్ష ఉంది.

గోదారి_గట్టు
సిరి గారూ, ఇంత ఆలోచించక్కర్లేదు. ఆ మెయిల్ ప్రింట్ తీసి, వెనకాల బ్రోచర్ పెట్టి, పిన్ను కొట్టి ఇచ్చేయండి. నేను డిగ్రీలో అలాగే ఇచ్చాను, ఎవరూ ఏమీ అడగలేదు. తిరిగొచ్చాక సర్టిఫికెట్ చూపిస్తే హాజరు వాళ్లే వేస్తారు.

అధ్యాపక_మిత్ర
సదస్సుకు వెళ్లడానికి సాధారణ సెలవు వాడుకోవద్దండీ. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం విద్యా సంవత్సరానికి గరిష్ఠంగా 30 రోజుల దాకా డ్యూటీ లీవు తీసుకునే వీలుంది, సదస్సులు అందులోకే వస్తాయి. మీ సర్వీసు సెలవు ఖాతాలోంచి ఒక్క రోజు కూడా పోదు.

సిక్కోలు_సిరి
సార్, నేను అధ్యాపకురాలిని కాదు, విద్యార్థిని. ఆ డ్యూటీ లీవు మాకు వర్తిస్తుందా?

అధ్యాపక_మిత్ర
ఓహ్, విద్యార్థులకు అది వర్తించదు, అది ఉద్యోగుల సెలవు. విద్యార్థికి కావలసింది హాజరు. అయినా ఒక మాట పనికొస్తుంది. మా శాఖకు వచ్చే విద్యార్థుల అర్జీలు నేనే చూస్తాను. బ్రోచర్ ఎవరికైనా దొరుకుతుంది. వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూ ఉంటుంది. అది జతచేస్తే సదస్సు జరుగుతోందని తెలుస్తుంది తప్ప మిమ్మల్ని పిలిచారని తెలియదు.

పాత_కచేరి
నేను కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాను. ఇలాంటి అర్జీలు చాలా నా బల్ల మీదుగా వెళ్లాయి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

అమ్మా సిరీ, నీ దగ్గరున్న రెండు కాగితాలూ రెండు వేర్వేరు విషయాలు చెబుతాయి. బ్రోచర్ సదస్సు ఫలానా చోట, ఫలానా తేదీల్లో ఉందని చెబుతుంది. మెయిల్ నీ పత్రం ఎంపికైందని చెబుతుంది. కానీ నువ్వు స్వయంగా వచ్చి చదవాలని, ఏ రోజు చదవాలని రెండూ చెప్పవు. ఆఫీసులో కూర్చున్నవాడికి వచ్చే మొదటి అనుమానం అదే: పత్రం పంపేసి ఇంటి దగ్గర కూర్చోవచ్చు కదా? ఈమధ్య సదస్సులకు ఆన్‌లైన్ సమర్పణ కూడా ఉంటోంది కాబట్టి ఆ అనుమానం ఇంకా పెరిగింది.

అందుకని సదస్సు సంచాలకులకు ఇవాళే మెయిల్ రాయి. "మా కళాశాలలో అనుమతి కోసం నా పేరున ఆహ్వాన లేఖ అవసరం" అని చెప్పి, అందులో ఏం ఉండాలో కూడా నువ్వే రాసిపంపు. నీ పూర్తి పేరు, తరగతి, కళాశాల, పత్రం శీర్షిక, సదస్సు తేదీలు, నువ్వు ఏ రోజు ఏ సమావేశంలో చదవాలి, స్వయంగా హాజరు కావాలి అన్న మాట. కళాశాల లెటర్‌హెడ్ మీద, సంతకం, తేదీ, ఫోన్ నంబరు ఉండాలి. సంచాలకులకు ఆ సమయంలో ఊపిరాడని పని ఉంటుంది. వివరాలన్నీ ఒకచోట రాసిస్తే వాళ్లు అతికించి సంతకం పెట్టి స్కాన్ చేసి పంపుతారు. "ఆహ్వాన లేఖ పంపండి" అని మాత్రమే రాస్తే మళ్లీ అదే బ్రోచర్ పంపుతారు.

కోడ్_కుర్రాడు
మా బీటెక్‌లో కూడా ఇదే గొడవ. స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ ఫైనల్‌కి మా టీమ్ వెళ్లింది. టీమ్ అంటే ఆరుగురు, అందులో కనీసం ఒక అమ్మాయి ఉండాలి. ఎంపికైన మెయిల్ టీమ్ లీడర్ పేరున వచ్చింది. లీడర్‌కి ఓడీ వెంటనే ఇచ్చారు, మిగతా ఐదుగురికి "మీ పేరు ఏది?" అన్నారు. మేం కాలేజీ తరఫున నామినేట్ చేసిన ఎస్‌పీఓసీ సార్ దగ్గరికి వెళ్లి, పోర్టల్‌లో ఉన్న టీమ్ వివరాల ప్రింట్ మీద ఆయన సంతకం పెట్టించుకున్నాం. అప్పుడు ఒప్పుకున్నారు. పోటీకి టీమ్‌గా వెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. ఒక్కొక్కరూ విడివిడిగా అర్జీ పెట్టి, ప్రతిదానికీ ఆ జాబితా జతచేయాలి.

సిక్కోలు_సిరి
పాత కచేరి గారూ, చాలా థాంక్స్. మెయిల్ రాసి పంపేశాను. కోడ్ కుర్రాడు గారూ, ఓడీ అంటే ఆన్ డ్యూటీయే కదా? సెలవుకీ దానికీ తేడా ఏంటి? మేడమ్ "లీవ్ లెటర్" అనే అన్నారు.

పాత_కచేరి
అందరూ నోటితో లీవ్ లెటర్ అనే అంటారు. రాసేటప్పుడు మాత్రం తేడా చూసుకోవాలి. సెలవు అంటే నువ్వు రాలేదు, రాకపోవడానికి అనుమతి ఉంది. రిజిస్టర్‌లో గైర్హాజరే పడుతుంది. ఆన్ డ్యూటీ అంటే నువ్వు కాలేజీ తరఫున చదువు పనిమీదే బయట ఉన్నావు, ఆ రోజులకు హాజరు ఇవ్వాలి. నీ అర్జీలో "సెలవు మంజూరు చేయవలసిందిగా" అని ఉంది. ప్రిన్సిపాల్ గారు సెలవు మంజూరు అని రాసి సంతకం పెడితే నువ్వు అడిగింది నీకు ఇచ్చేసినట్టే. తర్వాత సర్టిఫికెట్ పట్టుకొచ్చి హాజరు అడిగితే "అప్పుడు అడగలేదుగా" అంటారు. గోదారి గట్టు గారికి వేసి ఉండొచ్చు. అది ఆయన అధ్యాపకుల మంచితనం, నియమం మాత్రం కాదు.

నీ హాజరు ఇప్పుడు ఎంత ఉందో చెప్పు, లెక్క వేద్దాం.

సిక్కోలు_సిరి
మాకు రోజుకు ఐదు పీరియడ్లు. ఫిబ్రవరి 10 నాటికి ఈ సెమిస్టర్‌లో 300 పీరియడ్లు పూర్తవుతాయి. అప్పటిదాకా ఇంకేమీ మానకపోతే నావి 228. మధ్యలో అమ్మమ్మ ఆరోగ్యం బాగోక కొన్ని పోయాయి. 75 శాతం ఉండాలన్నది మా నియమం.

పాత_కచేరి
228 అంటే 76 శాతం. గీత మీదే ఉన్నావు.

నాలుగు రోజులూ సెలవు అయితే ఇరవై పీరియడ్లు జరిగినట్టు చేరతాయి, నీవి చేరవు. 320లో 228, అంటే 71.25 శాతం. నాలుగు రోజులకూ ఓడీ ఇస్తే 320లో 248, అంటే 77.5. ఈ రెంటి మధ్య ఇంకొకటి ఉంది, అసలు చిక్కు అక్కడే వస్తుంది. ఆహ్వాన లేఖలో 12, 13 తేదీలే ఉంటాయి. ఆఫీసు ఆ రెండు రోజులకే ఓడీ ఇచ్చి, 11, 14 తేదీలను మామూలు గైర్హాజరు వేస్తుంది. అప్పుడు 320లో 238, అంటే 74.375. సదస్సుకు అనుమతి వచ్చింది, ఓడీ కూడా వచ్చింది, అయినా గీత కిందకు పడిపోయావు. చాలామంది పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు.

గోదారి_గట్టు
కానీ సార్, సెమిస్టర్ అక్కడితో అయిపోదుగా. తర్వాత వెళ్లే క్లాసులతో పెరుగుతుంది. శాతం చివర్లోనే చూస్తారు.

సిక్కోలు_సిరి
14 తర్వాత ఇంకో అరవై పీరియడ్లు ఉంటాయి.

పాత_కచేరి
గోదారి గట్టు గారి మాటలో నిజం ఉంది. నాలుగు రోజులూ గైర్హాజరే పడ్డా, మిగిలిన అరవైకీ వెళ్తే 380లో 288, 75.8 శాతం దాకా వస్తుంది. కానీ అందులో మూడు పీరియడ్లు పోతే సరిగ్గా 75 మీద నిలబడతావు, నాలుగోది పోతే కింద ఉంటావు. ఒక్క రోజు జ్వరం వస్తే చాలు. పైగా స్కాలర్‌షిప్ వాళ్లు మధ్యలోనే హాజరు అడిగారనుకో, ఆ రోజున ఉన్న శాతమే వెళ్తుంది. చివరికి ఎలాగూ పెరుగుతుందిలే అని నాలుగు రోజులూ వదిలేయకు.

ముక్తేశ్వరం_మావయ్య
మా హైదరాబాద్ వైపు ఇంజనీరింగ్ కాలేజీల్లో జేఎన్‌టీయూహెచ్ నియమం ప్రకారం 75 కంటే తగ్గినా 65 దాకా ఉంటే సరైన కారణం, ఆధారాలు చూపించి మాఫీ అడగొచ్చు. ఫీజు కట్టాలి. 65 కంటే తగ్గితే ఏం చూపించినా కుదరదు. మీకూ ఇలాంటిది ఉంటుంది, కనుక్కోమ్మా. మరీ భయపడకు.

పాత_కచేరి
మాఫీ ఉంటుంది, కానీ దానికి మళ్లీ ఇవే కాగితాలు అడుగుతారు. ఇప్పుడు సరిగ్గా పెట్టుకుంటే అక్కడిదాకా పోనవసరం ఉండదు.

బీఈడీ_బాధలు
నాకు ఇంకా కష్టం. బీఈడీలో తరగతులకు 80 శాతం, పాఠశాల ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం ఉండాలి. నేను ఇంటర్న్‌షిప్‌లో ఉన్నప్పుడు వక్తృత్వ పోటీకి పిలుపు వచ్చింది. కాలేజీ సరేనంది. కానీ నేను వెళ్లే హైస్కూల్ హెడ్మాస్టర్ గారు "మా రిజిస్టర్‌లో మీరు రాలేదు, మీ కాలేజీ ఓడీతో మాకు సంబంధం లేదు" అన్నారు. ఇప్పుడు ఇద్దరినీ అడగాలా?

అధ్యాపక_మిత్ర
ఇద్దరినీ అడగాలి. ఇంటర్న్‌షిప్ హాజరు పాఠశాల రిజిస్టర్ నుంచే కాలేజీకి వస్తుంది. అర్జీ కాలేజీ ప్రిన్సిపాల్ గారికి రాసి, నకలు హెడ్మాస్టర్ గారికి ఇవ్వండి. పిల్లలకు ఆ రోజు చెప్పాల్సిన పాఠాలు ఎవరు చూస్తారో కూడా రాయండి, హెడ్మాస్టర్లకు అదే ముఖ్యం. 90 శాతం అంటే మిగిలే రోజులు తక్కువ కాబట్టి నేనైతే ఇంటర్న్‌షిప్‌లో వెళ్లమని సలహా ఇవ్వను.

బీఈడీ_బాధలు
పోటీ అయిపోయింది సార్, వెళ్లొచ్చాను. ఇప్పుడు అడుగుతున్నా.

అధ్యాపక_మిత్ర
అప్పుడు మీ పరిస్థితి వేరు. జరిగిపోయాక అడిగేది అనుమతి అవ్వదు, విజ్ఞప్తి అవుతుంది. పాల్గొన్న సర్టిఫికెట్, ముందు వచ్చిన పిలుపు రెండూ పెట్టి రాయండి. వాళ్లు ఒప్పుకోవాలనే కోరుకుంటున్నాను.

స్కాలర్_అనంత
నేను పీహెచ్‌డీ చేస్తున్నాను, తెలుగు శాఖే. సిరి, నీ విషయంలో ప్రయాణం రోజుల గురించి ఇంకో మాట. శ్రీకాకుళం నుంచి తిరుపతికి అదే రోజు పొద్దున బయలుదేరి పది గంటల ప్రారంభ సభకు చేరడం కుదరదు కదా, అది ఎవరికైనా అర్థమవుతుంది. కానీ అర్థమవుతుందిలే అని వదిలేస్తే ఆఫీసు ఆహ్వానంలో ఉన్న తేదీలే చూస్తుంది. అర్జీలోనే "11 మధ్యాహ్నం ప్రయాణం, 14 మధ్యాహ్నం తిరుగు రాక" అని రాసి, టికెట్ నకలు జతచెయ్యి. 11 ఉదయం క్లాసులకు వెళ్లే వీలుంటే వెళ్లు, అది కూడా రాయి. రైలు మధ్యాహ్నం అయినప్పుడు పొద్దున్నే మానేస్తే మిగతా మూడు రోజులు కూడా అనుమానంగా చూస్తారు.

తిరుగు టికెట్ ఇప్పుడే చేయించుకో. ఫిబ్రవరి 15 ఆదివారం శివరాత్రి. పక్కనే శ్రీకాళహస్తి, ఆ రోజుల్లో అటు రద్దీ ఎక్కువ. వెయిటింగ్ లిస్టులో ఉండి 14 రాత్రికో 15కో వస్తే అర్జీలో రాసిన తేదీ తప్పుతుంది.

సిక్కోలు_సిరి
అనంత గారూ, పొద్దున రెండు పీరియడ్లు వినగలను. అలాగే రాస్తాను. మరి ఇంటర్నల్ సంగతి?

స్కాలర్_అనంత
అది ఈ అర్జీతో కలపకు. ఓడీ హాజరు ఇస్తుంది, మార్కులు ఇవ్వదు. ఆ పేపర్ చెప్పే సార్‌కి విడిగా ఒక చిన్న ఉత్తరం రాసి, ఓడీ అర్జీ నకలు జతచేసి ముందే ఇవ్వు. "సదస్సు వల్ల 13న పరీక్ష రాయలేను, 10 లోపు గానీ 16 తర్వాత గానీ రాసే అవకాశం ఇవ్వండి" అని స్పష్టంగా అడుగు. ముందు రోజుల్లో రాస్తానన్నది కూడా పెడితే వాళ్లకు ఇబ్బంది తగ్గుతుంది. తర్వాత రాస్తే మిగతావాళ్ల నుంచి ప్రశ్నలు తెలిశాయంటారు కాబట్టి వేరే ప్రశ్నపత్రం తయారు చేసుకోవాల్సి వస్తుంది.

గోదారి_గట్టు
మా యూనివర్సిటీలో రెండు ఇంటర్నల్స్‌లో ఎక్కువ వచ్చినదే తీసుకునేవారు. మొదటిది బాగా రాసుంటే వదిలేయొచ్చు.

స్కాలర్_అనంత
మా దగ్గర రెండింటి సగటు. సిరి వాళ్ల దగ్గర ఏదో వాళ్ల సిలబస్ పుస్తకం ముందు పేజీల్లో ఉంటుంది. సగటు అయితే ఒకటి వదిలేస్తే సగం పోయినట్టే. చూసుకోకుండా వదిలెయ్యొద్దు.

సిక్కోలు_సిరి
సంచాలకుల దగ్గరి నుంచి లేఖ వచ్చింది! ఫిబ్రవరి 2 తేదీతో, లెటర్‌హెడ్ మీద, సంతకంతో. 13 ఉదయం రెండో సమావేశంలో నా పత్రం, స్వయంగా హాజరు కావాలని ఉంది. కానీ పేరులో ఇంటిపేరు వదిలేశారు, మెయిల్ ఐడీలో ఉన్న ముద్దుపేరు రాశారు. ఇది సరిచేయమని అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటంగా ఉంది.

పాత_కచేరి
మొహమాటపడకు, అడుగు. ఈ లేఖలో పేరు ఎలా ఉందో సదస్సు సర్టిఫికెట్‌లోనూ అలాగే అచ్చవుతుంది, వాళ్ల దగ్గరున్న జాబితా ఒకటే. నువ్వు తిరిగొచ్చాక ఆఫీసు సర్టిఫికెట్‌ని హాజరు రిజిస్టర్ పేరుతో పోలుస్తుంది. అప్పుడు పేరు కలవకపోతే తిరుపతి నుంచి మళ్లీ సర్టిఫికెట్ తెప్పించుకోవాలి. ఇప్పుడైతే ఒక్క మెయిల్‌తో పోతుంది. పదో తరగతి మెమోలో ఎలా ఉందో అలాగే ఇంటిపేరుతో సహా రాసి పంపు.

అధ్యాపక_మిత్ర
నేను ఆహ్వాన లేఖ అందుకున్నప్పుడు ఏం చూస్తానో చెబుతాను, అందరికీ పనికొస్తుంది. ఫోన్ నంబరు ఉంటే ఒకసారి చేస్తాను. "ఫలానా విద్యార్థిని పత్రం చదువుతోందా?" అని అడుగుతాను. అరనిమిషం పని. నంబరు లేకుండా, వేదిక ఎక్కడో చెప్పకుండా, పంపిన రోజే ఎంపికైందని చెప్పి ఫీజు కట్టమన్న "అంతర్జాతీయ" సదస్సు ఆహ్వానాలు కూడా వస్తుంటాయి. వాటికి నేను సంతకం పెట్టను. డబ్బు కట్టేసి వచ్చిన పిల్లల్ని చూస్తే బాధగా ఉంటుంది. అందుకే ఫీజు కట్టకముందే హెచ్‌ఓడీకి చూపించమంటాను.

సిక్కోలు_సిరి
పేరు సరిచేసి మళ్లీ పంపారు, చాలా మర్యాదగా జవాబిచ్చారు. అర్జీ మళ్లీ రాశాను. చూడండి.

"తేది: 3-2-2026

గౌరవనీయులైన ప్రధానాచార్యుల వారికి,
తెలుగు శాఖాధ్యక్షుల ద్వారా.

విషయం: తిరుపతిలో జరిగే జాతీయ సదస్సులో పత్ర సమర్పణ – 11-2-2026 నుంచి 14-2-2026 వరకు ఆన్ డ్యూటీ అనుమతి కోరుట గురించి.
సూచిక: సదస్సు సంచాలకుల ఆహ్వాన లేఖ, తేది 2-2-2026.

అయ్యా,
నేను మన కళాశాలలో ఎంఏ తెలుగు ద్వితీయ సంవత్సరం చదువుతున్నాను. నా హాజరు సంఖ్య ........ . ఫిబ్రవరి 12, 13 తేదీల్లో జరిగే సదస్సులో పత్రం సమర్పించడానికి నన్ను ఆహ్వానించారు. నా సమర్పణ 13వ తేదీ ఉదయం రెండో సమావేశంలో ఉంది.

దూరప్రయాణం వల్ల 11వ తేదీ మొదటి రెండు పీరియడ్లకు హాజరై బయలుదేరుతాను. 14వ తేదీ మధ్యాహ్నం తిరిగి చేరతాను. 16వ తేదీ సోమవారం తరగతులకు హాజరవుతాను.

కావున 11వ తేదీ మూడో పీరియడ్ నుంచి 14వ తేదీ వరకు నన్ను ఆన్ డ్యూటీగా పరిగణించి హాజరు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. తిరిగి వచ్చిన వెంటనే సదస్సులో పాల్గొన్న ధ్రువపత్రం నకలు సమర్పిస్తాను.

జతపరిచినవి: 1. ఆహ్వాన లేఖ 2. పత్రం ఎంపికైన మెయిల్ 3. రైలు టికెట్ల నకళ్లు."

పాత_కచేరి
బాగుంది. "శాఖాధ్యక్షుల ద్వారా" అని పెట్టడం మంచి పని. ముందు మేడమ్ "సిఫారసు చేస్తున్నాను" అని రాసి సంతకం పెట్టాలి, తర్వాతే ప్రిన్సిపాల్ గారి దగ్గరికి. నేరుగా వెళ్తే తిప్పి కింద శాఖకే పంపుతారు, దానికి రెండు రోజులు పోతాయి.

రెండు కాపీలు తీసుకెళ్లు. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద "అందినది" అని తేదీతో ముద్ర వేయించుకో. మంజూరు అయ్యాక ఆర్డరు గానీ, అర్జీ మీద రాసిన సంతకం గానీ ఫోటో తీసుకో. కాగితం ఆఫీసు ఫైలులోకి పోయాక దాన్ని వెతికించడం కష్టం. చివరగా, తిరుపతిలో సర్టిఫికెట్ సమాపన సభ అయ్యాకే ఇస్తారు. 13న పత్రం చదవగానే వచ్చేయకు, సాయంత్రం దాకా ఉండు.

కోడ్_కుర్రాడు
మాకు జరిగింది ఒకటి చెప్పాలి. ఓడీ మంజూరు అయింది, కానీ హాజరు బయోమెట్రిక్ మెషీన్‌లో పడుతుంది కదా. ఎవరూ ఓడీ ఎంటర్ చేయలేదు. నెలాఖరు లిస్టులో మేం ఆరుగురం ఆబ్సెంట్. ఆర్డర్ కాపీ పట్టుకుని ఆఫీసుకు వెళ్తే అప్పుడు సరిచేశారు. కాబట్టి మంజూరైందని ఊరుకోవద్దు, లిస్టు వచ్చినప్పుడు చూసుకోండి.

పద్మ_నెల్లూరు
ఓడీ ఇచ్చిన పీరియడ్లు హాజరైనట్టు కలుపుతారా, లేక మొత్తం పీరియడ్లలోంచే తీసేస్తారా? మా చెల్లి వాళ్ల కాలేజీలో తీసేశారు.

పాత_కచేరి
రెండు పద్ధతులూ చూశాను. సిరి విషయంలో నాలుగు రోజులూ తీసేస్తే 300లో 228, 76 శాతం అలాగే ఉంటుంది. కలిపితే 77.5. ఇప్పుడు 11న రెండు పీరియడ్లు వింటోంది కాబట్టి తీసేసే పద్ధతిలోనూ కొంచెం పెరుగుతుంది. నేను పనిచేసిన చోట కలిపేవాళ్లం.

అధ్యాపక_మిత్ర
మా దగ్గర తీసేస్తాం. హాజరు కానిచోట హాజరైనట్టు రాయడం సరికాదని మా కమిటీ అభిప్రాయం.

పాత_కచేరి
కాలేజీ పని మీద వెళ్లిన పిల్లకు హాజరు ఇవ్వడం సరికాదని నేను అనుకోను సార్. ఇది ఇద్దరం ఇక్కడ తేల్చేది కాదు. సిరి వాళ్ల ఆఫీసులో అడగాలి.

సిక్కోలు_సిరి
ఇవాళ్టి సంగతి. మేడమ్ సంతకం చేసి "సిఫారసు" అని రాశారు. ప్రిన్సిపాల్ గారు 11 మూడో పీరియడ్ నుంచి 13 దాకా ఓడీ ఇచ్చారు. 14కి మాత్రం సెలవు అని రాశారు. శనివారం కదా, రాత్రి రైలెక్కి పొద్దున్నే చేరే అవకాశం లేదా అని అడిగారు. ఉన్న రైలు టికెట్ చూపించాను, "చూద్దాం, సర్టిఫికెట్ తీసుకురా" అన్నారు. ఇంటర్నల్ గురించి సార్ 9న రాయడానికి ఒప్పుకున్నారు. మా దగ్గర సగటే తీసుకుంటారట, అడిగినందుకు చాలా మేలైంది.

స్కాలర్_అనంత
14 ఒక్కటీ గైర్హాజరైతే నీ లెక్క ఎంత?

సిక్కోలు_సిరి
ఓడీ కలిపే పద్ధతి అయితే 320లో 243, అంటే 75.9. తీసేసే పద్ధతి అయితే 307లో 230, 74.9 శాతం. మా ఆఫీసులో ఏ పద్ధతో క్లర్క్ గారు సోమవారం చెబుతానన్నారు.

పాత_కచేరి
తీసేసే పద్ధతి అని చెబితే 14 గురించి మళ్లీ రాయి. ఈసారి పెద్ద అర్జీ వద్దు. ఆ టికెట్ నకలు మీదే మూడు లైన్లు రాసి, మేడమ్ సంతకంతో పంపు. తిరిగొచ్చాక కాదు, వెళ్లేముందే.